జుట్టు అంచున మిగిలే ఆకుపచ్చ: గ్రీన్ స్క్రీన్‌లో గుడ్డ నుంచి కీయింగ్ దాకా

ఆకుపచ్చ గుడ్డ ముందు తీసి, తర్వాత ఆ గుడ్డ స్థానంలో వేరే నేపథ్యం పెట్టే గ్రీన్ స్క్రీన్ వీడియోలో పని సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే ముందుగా చూడవలసినది జుట్టు అంచునే. భుజాలు, చేతులు, దుస్తులు గట్టి అంచులున్న ఆకారాలు కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ అయినా వాటిని సులువుగా కోయగలదు. చెవి పక్కన విడిపోయిన వెంట్రుకల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు లోపాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. జుట్టు చుట్టూ సన్నటి ఆకుపచ్చ గీత మిగులుతుంది, లేదా ఆ గీతను తీసేయబోయి వెంట్రుకలే తెగిపోయి తల కత్తిరించి అతికించిన బొమ్మలా తయారవుతుంది. ఈ రెండూ ఎడిటింగ్ లోపాలుగానే చాలామందికి కనిపిస్తాయి గానీ, వాటిలో ఎక్కువ భాగం గుడ్డ పరిచినప్పుడు, లైట్లు నిలబెట్టినప్పుడే ఖాయమైపోతుంది. అది ఎలాగన్నది ఒక్క పిక్సెల్‌ను దగ్గరగా పట్టుకుని చూస్తే బోధపడుతుంది.

ఒక పిక్సెల్‌లో ఎంత వెంట్రుక ఉంటుంది

నడుము దాకా ఒక మనిషి కనిపించేలా కెమెరా పెట్టారని, ఫ్రేము వెడల్పులోకి 1.2 మీటర్ల స్థలం వచ్చిందని అనుకుందాం. వీడియో వెడల్పు 1920 పిక్సెళ్లు అయితే ఒక్కో పిక్సెల్ సుమారు 0.6 మిల్లీమీటర్ల స్థలాన్ని చూపిస్తుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటర్లు. అంటే విడిగా ఎగిరిన ఒక వెంట్రుక తానున్న పిక్సెల్‌లో తొమ్మిదో వంతును, శాతంలో చెప్పాలంటే 11 శాతాన్ని మాత్రమే ఆక్రమిస్తుంది. మిగతా 89 శాతం వెనకనున్న తెరే. కెమెరా ఈ రెండింటినీ విడివిడిగా చూడలేదు. రెండింటి రంగునూ కలిపి ఒకే రంగుగా రాసుకుంటుంది. కాబట్టి జుట్టు అంచున ఉన్న పిక్సెళ్లలో పూర్తిగా జుట్టు రంగుగా గానీ, పూర్తిగా తెర రంగుగా గానీ ఉన్నవి చాలా తక్కువ. దాదాపు అన్నీ మిశ్రమాలే.

కీయింగ్ అంటే ఈ మిశ్రమాన్ని మళ్లీ విడదీయడం. దీనికి ఆధారమైన ఆలోచనను, అంటే తెర రంగు మిగతా రెండు రంగులకంటే ఎంత ఎక్కువ ఉందో కొలిచి దాన్నిబట్టి పారదర్శకతను నిర్ణయించడాన్ని, పెట్రో వ్లాహోస్ ఫిల్ము కాలంలో నీలి తెరల కోసం రూపొందించాడు. కీయింగ్ చేసే సాధనాల్లో, అంటే నేటి కీయర్లలో ఎన్ని మెరుగులు చేరినా చాలావాటి అడుగున ఉన్నది ఇప్పటికీ ఆ లెక్కే. దాన్ని ఒక ఉదాహరణతో చేసి చూడవచ్చు.

తెర రంగు 0 నుంచి 255 వరకు ఉండే కొలతలో ఎరుపు 60, ఆకుపచ్చ 180, నీలం 70 అనుకుందాం. నల్లటి జుట్టు రంగు ఎరుపు 40, ఆకుపచ్చ 30, నీలం 25. ఒక పిక్సెల్‌లో సగం జుట్టు, సగం తెర ఉంటే దాని రంగు ఎరుపు 50, ఆకుపచ్చ 105, నీలం 48 దగ్గర ఉంటుంది. తెరలో ఆకుపచ్చ, మిగతా రెండింటిలో పెద్దదానికంటే 110 ఎక్కువ. మిశ్రమ పిక్సెల్‌లో అదే తేడా 55. అందువల్ల ఆ పిక్సెల్‌లో సగం తెర ఉందని, సగం మాత్రమే గట్టిగా కనిపించాలని కీయర్ తేల్చుకుంటుంది.

```
alpha = 1 - (G - max(R, B)) / 110
```

ఇక్కడ `alpha` విలువ 1 గానీ అంతకు మించి గానీ అయితే పిక్సెల్ పూర్తిగా కనిపిస్తుంది, 0 గానీ అంతకు తక్కువ గానీ అయితే పూర్తిగా మాయమవుతుంది. తెర అంతటా ఆ తేడా 110గానే ఉంటే లెక్క చక్కగా కుదురుతుంది. ఉండకపోతేనే చిక్కు మొదలవుతుంది. వెలుతురు సమంగా ఉండాలన్న నియమం వెనక ఉన్న అసలు కారణం ఇదే.

సమమైన వెలుతురు ఎంత సమంగా ఉండాలి

అదే తెరలో తల పక్కన ఒక చోట వెలుతురు తగ్గి, తెర రంగు ఎరుపు 40, ఆకుపచ్చ 120, నీలం 47గా నమోదైందనుకుందాం. కంటికి అది కాస్త ముదురు ఆకుపచ్చగా కనిపిస్తుందే తప్ప తప్పుగా తోచదు. వెలుతురును వీడియో అంకెలుగా మార్చే సాధారణ గామా ప్రకారం లెక్కిస్తే ఆ తేడా దాదాపు ఒకటీ మూడోవంతు స్టాపు. ఒక స్టాపు తగ్గడమంటే వెలుతురు సగమవడం. కానీ అక్కడ ఆకుపచ్చ ఆధిక్యం 73 మాత్రమే కాబట్టి, పై సూత్రం ప్రకారం ఖాళీ తెరకే `alpha` 0.34 వస్తుంది. మనిషీ జుట్టూ ఏమీ లేని చోట మూడో వంతు గట్టిదనంతో ఒక బూడిద రంగు పొర మిగిలిపోతుంది. దాన్ని పోగొట్టడానికి ఎడిటర్ 0.34 కంటే తక్కువ ఉన్నదంతా సున్నా చేయాలి. Keylight అనే కీయర్‌లో `Clip Black` అనే మీట చేసే పని అదే. ఆ మీట తిప్పిన మరుక్షణం, వెలుతురు సరిగా ఉన్న చోట్ల పిక్సెల్‌లో 34 శాతం కంటే తక్కువ భాగం ఆక్రమించిన ప్రతి వెంట్రుకా తెరతోపాటే పోతుంది. ఒక్క వెంట్రుక 11 శాతం కాబట్టి, మూడు వెంట్రుకలు ఒకే పిక్సెల్‌లో పక్కపక్కన ఉన్నా 33 శాతమే. అవి కూడా మిగలవు.

వెలుతురు తేడా మూడోవంతు స్టాపుకు మించకపోతే అదే తెర ఆకుపచ్చ విలువ 162 దగ్గర ఉంటుంది, ఖాళీ తెరకు వచ్చే `alpha` 0.1 మాత్రమే అవుతుంది. అప్పుడు కోత పెట్టినా ఒంటరి వెంట్రుకలు అరకొరగా, రెండు మూడు కలిసిన పాయలు భేషుగ్గా బతుకుతాయి. తెర మీద ఎక్కడ కొలిచినా మూడోవంతు స్టాపు లోపల తేడా ఉండాలని ఈ పనిలో ఉన్నవారు పట్టుబట్టడానికి ఇంతకంటే వేరే కారణం అక్కర్లేదు.

ఈ లెక్కలోంచే ఇంకొక సంగతి కూడా బయటపడుతుంది. వెలుతురు సమంగా ఉండవలసింది తెర మొత్తం మీద కాదు. మనిషికి దూరంగా ఉన్న మూలలను ఎడిటింగ్‌లో ఒక ముతక మాస్కు గీసి నేరుగా తీసేయవచ్చు. దాన్నే గార్బేజ్ మ్యాట్ అంటారు. సమత్వం నిజంగా కావలసింది తల కదిలే మేర, దాని చుట్టూ ఒకటి రెండు జానల స్థలంలో. లైట్లు తక్కువ ఉన్నవారు మూలల కోసం తాపత్రయపడకుండా ఉన్న వెలుతురును ఆ మేరకే సరిచేసుకోవడం మేలు.

ఆ సమత్వం సాధించే పద్ధతి మాత్రం దూరం మీద ఆధారపడి ఉంటుంది. చిన్న లైటు నుంచి వచ్చే వెలుతురు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు, మూడు రెట్లైతే తొమ్మిదో వంతుకు పడిపోతుంది. తెర ఒక అంచుకు మీటరు దూరంలో, రెండో అంచుకు మూడు మీటర్ల దూరంలో ఒకే లైటు పెడితే రెండు అంచుల మధ్య మూడు స్టాపులకు పైగా తేడా వస్తుంది. అందుకే తెరకు రెండు పక్కలా ఒకే రకమైన రెండు లైట్లను, గది ఎంత అనుమతిస్తే అంత వెనక్కి జరిపి పెడతారు. ఎడమ లైటు మొనను తెర కుడి భాగం వైపు, కుడి లైటు మొనను ఎడమ భాగం వైపు తిప్పుతారు. అలా చేస్తే ప్రతి లైటు కాంతిలో బలమైన నడిభాగం దూరపు అంచుకు వెళుతుంది, బలహీనమైన పక్కభాగం దగ్గరి అంచు మీద పడుతుంది, రెండూ ఒకదాని లోటును ఒకటి పూడుస్తాయి. ముందు సాఫ్ట్‌బాక్సు గానీ తెల్లటి పలుచని గుడ్డ గానీ ఉంటే నడుమ మెరిసే మచ్చ రాదు.

కంటి అంచనా ఇక్కడ పనికిరాదు. కన్ను వెలుతురు తేడాలకు తానే సర్దుకుంటుంది. కెమెరాలో ప్రకాశాన్ని గ్రాఫుగా చూపే వేవ్‌ఫామ్ ఉంటే అందులో తెర ఒక సన్నని అడ్డగీతలా కనిపించాలి. ఆ గీత లావుగా ఉన్నా, ఒక పక్కకు వంగినా తేడా ఉన్నట్టే. వేవ్‌ఫామ్ లేకపోతే, ఎంచిన ప్రకాశం ఉన్న చోట చారలు చూపే జీబ్రాను 50 శాతం దగ్గర పెట్టి, ఎపర్చర్‌ను మెల్లగా మార్చుతూ చారలు తెర అంతటా ఒకేసారి వస్తున్నాయా, ఒక చోట ముందు, మరొక చోట తర్వాత వస్తున్నాయా అని చూడవచ్చు. తెర ప్రకాశం 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే చాలు. దానికి మించి వెలుగు పోస్తే కీ మెరుగవుతుందన్నది పొరపాటు. వెలుగు మరీ పెరిగితే ఆకుపచ్చ విలువ 255 దగ్గర ఆగిపోతుంది, ఎరుపు, నీలం విలువలు మాత్రం పైకి పాకి, ఆకుపచ్చ ఆధిక్యం తగ్గి, తెర పాలిపోతుంది. పైగా మనిషి మీదికి చిమ్మే ఆకుపచ్చ కూడా పెరుగుతుంది.

గుడ్డ

గుడ్డ విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. మెరవకూడదు, ముడతలు పడకూడదు, వెలుతురు దాని గుండా దూసుకుపోకూడదు. ఈ మూడు గుణాలూ ఉంటే ధర ఎంతన్నది రెండో సంగతి. సన్నటి పాలిస్టర్ గుడ్డకు మెరుపు ఉంటుంది; లైటు వైపు నుంచి చూస్తే దాని మీద తెల్లటి మసక కనిపిస్తుంది, ఆ మసక ఉన్నచోట రంగు చచ్చిపోతుంది. నూలు మస్లిన్ మెరవదు గానీ మడత పెట్టిన ప్రతి చోటా ముడత నిలుస్తుంది. ముడత అంటే ఒక వైపు వెలుగు, మరో వైపు నీడ. అంటే పైన చెప్పిన వెలుతురు తేడాయే చిన్న గీత రూపంలో. వెనక పలుచని ఫోమ్ అతికించిన సాగే గుడ్డ ఈ పనికి అన్నిటికంటే నమ్మదగినది. అది ముడత పడదు, లాగి క్లిప్పులు పెడితే చదునుగా నిలుస్తుంది, వెలుతురును వెనక్కి వదలదు. ఏ గుడ్డ అయినా మడతపెట్టకుండా గొట్టానికి చుట్టి దాచడం, వాడేముందు ఆవిరి ఇస్త్రీ చేసి నాలుగు వైపులా సమానంగా లాగి బిగించడం అవసరం. పలుచని గుడ్డ తప్ప వేరే లేనప్పుడు దాన్ని రెండు మడతలుగా వేలాడదీస్తే వెనక గోడ రంగు కలవదు.

గుడ్డ పరిమాణం గురించి ఒక మాట. పెద్ద గుడ్డ మంచిదన్న భావన సాధారణంగా ఉంటుంది. జుట్టు దృష్టితో చూస్తే అది నిజం కాదు. తెర ఎంత పెద్దదైతే మనిషి మీదికి అంత ఆకుపచ్చ కాంతి తిరిగి వస్తుంది. పాదాలు కనిపించని షాటుకు నేల మీద గుడ్డ పరచడం వల్ల గడ్డం కింద, చెంపల మీద ఆకుపచ్చ చేరడం తప్ప ప్రయోజనం లేదు. మనిషి కదిలే మేరకు సరిపడే గుడ్డ ఉంచి, మిగతాది నల్లటి గుడ్డతో కప్పితే చిమ్మడం వెంటనే తగ్గుతుంది.

మూడు రకాల ఆకుపచ్చ

జుట్టు దగ్గర కనిపించే ఆకుపచ్చ అంతా ఒకటే అనుకుని ఒకే మీటతో పోగొట్టబోవడం వల్లనే చాలా వీడియోల్లో కీయింగ్ చెడిపోతుంది. నిజానికి అది మూడు దారుల్లో వస్తుంది, మూడింటికీ మందు వేరు.

మొదటిది పైన చూసిన మిశ్రమం. వెంట్రుకల సందుల్లోంచి తెర కనిపించడం వల్ల వచ్చేది ఇది. ఇది తప్పు కాదు, ఉండి తీరవలసినది, ఎడిటింగ్‌లోనే పోతుంది.

రెండోది చిమ్మిన ఆకుపచ్చ, వాడుకలో స్పిల్. తెర మీద పడిన వెలుతురు ఆకుపచ్చగా మారి తిరిగి వచ్చి జుట్టు మీద, భుజాల మీద మెరుపుగా పడుతుంది. నల్లటి, నున్నటి జుట్టు అద్దంలా కాంతిని తిప్పి పంపుతుంది కాబట్టి దాని మీద ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ వెంట్రుక పూర్తిగా ఉంది, రంగు మాత్రమే చెడింది. కీయర్‌కు ఆ సంగతి తెలియదు. ఆకుపచ్చ ఎక్కువ ఉంది కాబట్టి అక్కడ తెర ఉందనుకుని జుట్టులో చిల్లులు పెడుతుంది. దీనికి అసలైన మందు దూరం. మనిషిని తెర నుంచి కనీసం రెండు మీటర్లు, వీలైతే మూడు మీటర్లు ముందుకు జరపాలి. దూరం పెరిగితే స్పిల్ తగ్గడమే కాదు, మనిషి నీడ తెర మీద పడదు, తెర మీది చిన్న ముడతలు ఫోకస్ తప్పి కలిసిపోతాయి, తెర లైట్లు మనిషి వీపును తాకవు. ఒక్క మార్పుతో ఇన్ని లాభాలు ఇచ్చే పని ఈ విద్యలో మరొకటి లేదు. వెనక నుంచి జుట్టు మీదికి తెల్లటి లైటు ఒకటి వేస్తే, ఆ తెల్లటి మెరుపు ముందు మిగిలిన కొద్ది ఆకుపచ్చ మెరుపు కూడా ఓడిపోతుంది. అయితే కొత్తగా పెట్టబోయే నేపథ్యంలో వెనక నుంచి వెలుతురు వచ్చే అవకాశం లేకపోతే, ఈ లైటు తానే ఒక అబద్ధంలా కనిపిస్తుంది. అందువల్ల నేపథ్యం ఏదో ముందే తెలిసి ఉండాలి.

మూడోది కెమెరా రికార్డు చేసే తీరు వల్ల వచ్చేది. సాధారణ కెమెరాలూ ఫోన్లూ వీడియోను ఎక్కువగా 4:2:0 పద్ధతిలో దాస్తాయి. అంటే వెలుగు సమాచారం ప్రతి పిక్సెల్‌కూ విడిగా ఉంటుంది గానీ, రంగు సమాచారం నాలుగు పిక్సెళ్లకు ఒకటే ఉంటుంది. 1920×1080 వీడియోలో రంగు నిజానికి 960×540 చుక్కల్లోనే నమోదవుతుంది. వెంట్రుక పక్కనున్న తెర ఆకుపచ్చ వెంట్రుక మీదికి, వెంట్రుక నలుపు తెర మీదికి ఇలా పాకుతాయి. దీన్ని గుర్తించడం తేలిక. 300 శాతం పెద్దది చేసి చూస్తే అంచు మెట్లుమెట్లుగా, రెండేసి పిక్సెళ్ల గళ్లుగా కనిపిస్తుంది. 4:2:2 రికార్డింగ్ ఉన్న కెమెరాలో ఇది సగమవుతుంది. అది లేనివారికి ఒక చక్కటి దారి ఉంది. తుది వీడియో 1920×1080 అయితే 3840×2160లో చిత్రీకరించాలి. అందులో రంగు 1920×1080 చుక్కల్లో ఉంటుంది కాబట్టి, పరిమాణం తగ్గించాక ప్రతి పిక్సెల్‌కూ సొంత రంగు దక్కినట్టే అవుతుంది. కెమెరాను అడ్డంగా కాక నిలువుగా తిప్పి తీయడం కూడా బాగా పనిచేస్తుంది. ఒంటరి మనిషి నిలువు ఆకారం కాబట్టి ఫ్రేము నిండా మనిషే ఉంటాడు, ఒక్కో వెంట్రుకకు ఎక్కువ పిక్సెళ్లు దొరుకుతాయి.

కెమెరాలోని షార్ప్‌నెస్ తగ్గించడం కూడా ఈ మూడోదానికే చెందుతుంది. షార్ప్‌నెస్ అంటే అంచుకు రెండు వైపులా ఒక ముదురు గీత, ఒక లేత గీత గీయడమే. ఆ లేత గీత ఆకుపచ్చదై జుట్టు చుట్టూ నిలిస్తే దాన్ని ఏ కీయరూ శుభ్రంగా తీయలేదు. అలాగే ఎక్కువ నాయిస్ తగ్గింపు సన్నటి వెంట్రుకలను పూసినట్టు చేస్తుంది. ఐఎస్ఓ తక్కువగా ఉంచి, దాని అవసరమే రాకుండా చూసుకోవాలి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండింటినీ లాక్ చేయకపోతే మనిషి కదిలినప్పుడల్లా తెర రంగు మారి, ఒక ఫ్రేములో కుదిరిన కీ మరో ఫ్రేములో కుదరదు.

కీయింగ్: ఒకటి కాదు, రెండు మ్యాట్లు

నాలుగున్నర మీటర్ల పొడవున్న గదిలో, విరబోసుకున్న ఉంగరాల జుట్టుతో ఒకరు కూర్చుని మాట్లాడుతున్నారనుకుందాం. తెర వెనక గోడకు, మనిషి తెరకు రెండు మీటర్ల ముందు, కెమెరా మనిషికి మరో రెండు మీటర్ల ముందు. రికార్డింగ్ మొదలయ్యేముందు మనిషి లేకుండా ఖాళీ తెరను అయిదు సెకన్లు తీసి ఉంచుకోవాలి. దీనిని క్లీన్ ప్లేట్ అంటారు. కెమెరా కదలకుండా ఉంటే, తెరలో ఏ చోట ఎంత ఆకుపచ్చ ఉందో ఈ ఖాళీ ఫ్రేము చెబుతుంది కాబట్టి, DaVinci Resolve అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని `Delta Keyer` వంటివి ప్రతి చోటా 110తోనే పోల్చకుండా ఆ చోటి సొంత విలువతో పోలుస్తాయి. మొదట లెక్కించిన బూడిద పొరలో పెద్ద భాగం దీనితోనే పోతుంది. అయిదు సెకన్ల శ్రమ గంటల ఎడిటింగ్‌ను తప్పించే సందర్భం ఇది.

తర్వాత తెర రంగును ఎంచుకునేటప్పుడు మూలలో గానీ మనిషికి దూరంగా ఖాళీగా ఉన్న చోట గానీ కాక జుట్టుకు దగ్గరలో, ఒక వెంట్రుక కూడా లేని చోట నొక్కాలి. లెక్క ఎక్కడ ఖచ్చితంగా ఉండాలో అక్కడి రంగే కొలబద్ద కావాలి. వెంటనే మామూలు చిత్రం చూడటం మానేసి మ్యాట్‌ను, అంటే నలుపు తెలుపుల్లో కనిపించే `alpha` ను చూడాలి. Keylight లో అది `Screen Matte`. నేపథ్యం నల్లగా, మనిషి తెల్లగా, జుట్టు అంచు ఆ రెండింటి మధ్య రకరకాల బూడిద రంగుల్లో కనిపించాలి. సాధారణంగా మొదట కనిపించేది అంత శుభ్రంగా ఉండదు. మనిషి ఛాతీలో బూడిద మచ్చలు, తెరలో మసక ఉంటాయి. ఇక్కడే చాలామంది `Clip Black` ను పెంచి, `Clip White` ను తగ్గించి అంతా తేటపరుస్తారు. ఛాతీ బాగుపడుతుంది, జుట్టు పోతుంది.

సరైన దారి మ్యాట్‌ను రెండుగా చేయడం. మొదటి మ్యాట్‌లో జుట్టును పట్టించుకోకుండా రెండు మీటలనూ గట్టిగా తిప్పి, లోపల ఒక్క చిల్లు కూడా లేని తెల్లటి ఆకారం తయారుచేయాలి. తర్వాత దాన్ని అంచు నుంచి పది పదిహేను పిక్సెళ్లు లోపలికి కుదించాలి. అది మనిషి ముఖాన్ని, శరీరాన్ని మాత్రమే కప్పుతుంది, జుట్టు అంచును తాకదు. దీని పేరు కోర్ మ్యాట్. రెండో మ్యాట్‌లో జుట్టునే చూస్తూ, `Clip Black` ను తప్పనిసరి మేరకే, ఏ అయిదో పదో దగ్గర ఉంచి, `Clip White` ను దాదాపు ముట్టుకోకుండా వదిలేయాలి. ఇందులో ఛాతీలో చిల్లులు ఉన్నా ఫరవాలేదు. కోర్ మ్యాట్ వాటిని పూడుస్తుంది. రెండింటినీ కలిపి, బయట గార్బేజ్ మ్యాట్ గీస్తే ప్రతి భాగానికీ దానికి తగిన కోత పడుతుంది.

ఇప్పుడు రంగు సంగతి. సగం జుట్టు, సగం తెర ఉన్న మొదటి పిక్సెల్‌కే తిరిగి వస్తే, దానికి `alpha` 0.5 వచ్చింది గానీ దాని రంగు ఇంకా 50, 105, 48గానే ఉంది. దాన్ని అలాగే కొత్త నేపథ్యం మీద పెడితే సగం పారదర్శకమైన ఆకుపచ్చ గీత కనిపిస్తుంది. తెర పోయింది, తెర రంగు పోలేదు. జుట్టు చుట్టూ పచ్చ అంచు రావడానికి సర్వసాధారణమైన కారణం ఇదే. దీన్ని తీసేది స్పిల్ సప్రెషన్. దాని సరళమైన రూపం, ఆకుపచ్చ మిగతా రెండు రంగుల్లో పెద్దదాన్ని దాటకుండా ఆపడం.

```
G = min(G, max(R, B))
```

దీనితో ఆ పిక్సెల్ 50, 50, 48గా మారుతుంది. ఆకుపచ్చ పోయింది, కానీ అసలు జుట్టు రంగు 40, 30, 25 కాబట్టి వచ్చినది కాస్త లేత బూడిద. పగటి వెలుగున్న నేపథ్యం మీద దీన్ని ఎవరూ గమనించరు. రాత్రి దృశ్యం వంటి చీకటి నేపథ్యం మీద మాత్రం నల్లటి జుట్టు చుట్టూ బూడిద రంగు పొగలా కనిపిస్తుంది. అందుకే చీకటి నేపథ్యం కావాలని ముందే తెలిస్తే తెర వెలుతురును 40 శాతం దగ్గరికి తగ్గించడం మంచిది. అలా చేయలేకపోతే, ఎడిటింగ్‌లో జుట్టు అంచును మాత్రమే వేరుగా మాస్కు చేసి, దాని ప్రకాశాన్ని కాస్త తగ్గించి జుట్టు రంగువైపు తీసుకురావాలి.

పరిమితి ఎంత గట్టిగా పెట్టాలన్నది జుట్టు రంగును బట్టి మారుతుంది. పెద్దదానితో కాక ఎరుపు, నీలం సగటుతో పోల్చే పద్ధతి కూడా ఉంది, అది ఇంకా గట్టిది. నల్లటి జుట్టుకు అది బాగుంటుంది. బంగారు రంగు జుట్టులో ఎరుపు 220, ఆకుపచ్చ 190, నీలం 120 ఉన్నాయనుకుంటే, మొదటి పద్ధతి దాన్ని అసలు ముట్టుకోదు. సగటు పద్ధతి ఆకుపచ్చను 170కి దించి జుట్టును గులాబీ వైపు లాగుతుంది. పసుపు చొక్కా నారింజగా మారడం, ముఖం ఎర్రబడటం కూడా ఈ అతి దిద్దుబాటు గుర్తులే. అలా కనిపించినప్పుడు స్పిల్ సప్రెషన్‌ను మొత్తం మనిషి మీద కాక, కోర్ మ్యాట్‌కు బయట ఉన్న అంచు పట్టీ మీద మాత్రమే వేయాలి.

పరీక్ష ఎప్పుడూ ఒకే నేపథ్యం మీద చేయకూడదు. తెలుపు మీద పెడితే ముదురు అంచులు, నలుపు మీద పెడితే లేత అంచులు, ఎరుపు మీద పెడితే మిగిలిన ఆకుపచ్చ బయటపడతాయి. మూడింటి మీదా ఒకసారి చూశాక, అసలు నేపథ్యం పెట్టి వీడియోను నడిపించి చూడాలి. ఆగిన ఫ్రేములో ఎంతో అందంగా ఉన్న వెంట్రుకలు నడిచే వీడియోలో చీమల్లా కదులుతుంటే, రెండో మ్యాట్‌లో కోత నాయిస్‌కు మరీ దగ్గరగా ఉందని అర్థం. `Clip Black` ను రెండు మూడు అంకెలు పెంచి, ఆ మేరకు ఒంటరి వెంట్రుకలను వదులుకోవడమే ఉత్తమం. చూసేవారికి లేని వెంట్రుక తెలియదు, మినుకుమినుకుమనే వెంట్రుక వెంటనే తెలుస్తుంది. పిక్సెల్‌లో తొమ్మిదో వంతు మాత్రమే ఉన్న పోగును కాపాడటం ఎలాగూ ఏ పద్ధతికీ పూర్తిగా సాధ్యం కాదు కనుక, చిత్రీకరణకు ముందు విడిగా లేచిన ఆ నాలుగు పోగులను దువ్వెనతో, కొద్దిగా జెల్‌తో అణచి పాయల్లో కలిపేస్తే ఎడిటింగ్‌లో వాటి ప్రస్తావనే రాదు.